రీప్లే శాతాన్ని నమ్మి నేను పడిన పొరపాటు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పని మీద తెలుగులో ఒక చిన్న ఛానెల్ నడుపుతూ రెండేళ్లుగా యూట్యూబ్ స్టూడియో అంకెలు చూస్తున్నాను. వాటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది, తరువాత అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించింది, షార్ట్‌లకు చూపే సగటు వీక్షణ శాతం.

కొమ్మును వేడిచేసి కొంగ మెడలా వంచే 14 సెకన్ల షార్ట్‌కు ఆ శాతం 124 వచ్చింది. అంటే సగటున పదిహేడు సెకన్లకు పైగా చూశారన్నమాట. వంపు అందానికే జనం మళ్లీ మళ్లీ చూస్తున్నారని నమ్మి, అదే పద్ధతిలో మరికొన్ని చేశాను. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మళ్లీ మొదలైనా వ్యూగా లెక్కిస్తున్నందున ఆ నమ్మకం మరింత బలపడింది. అసలు సంగతి బొమ్మలు చేసే పెద్దాయన చెప్పారు: "ఆ అక్షరాలు చదివేలోగా పోతన్నాయి బాబూ, అందుకే మా మనవడు మళ్లీ మళ్లీ పెడతన్నాడు." కొమ్మును ఎంతసేపు వేడిచేయాలో చెప్పే వాక్యం తెరపై ఒక్క సెకను మాత్రమే ఉంది. దానిని మూడు సెకన్లు ఉంచి కొత్తగా పెట్టినప్పుడు శాతం 97కు పడిపోయింది, కానీ అక్కడి లింకు నుంచి పొడుగు వీడియోకు వచ్చినవారు పెరిగారు. అందువల్ల ఇప్పుడు శాతం వంద దాటితే ముందుగా ఏ క్షణంలో ఎంతమంది చూస్తున్నారో చూపే వీక్షకుల నిలకడ గీతలో ఎక్కడ ఎత్తు లేచిందో చూస్తాను. ఆ ఎత్తు సరిగ్గా అక్షరాలున్న చోట ఉంటే దానిని మెప్పుగా తీసుకోను.

స్వైప్ చేసి వెళ్లిపోయినవారి శాతం విషయంలోనూ నేను ఇలాగే తొందరపడ్డాను. తెలుగు మాటతో మొదలయ్యే షార్ట్‌ను 48 శాతం మంది దాటేశారు. అదే దృశ్యాన్ని మాట లేకుండా, కొమ్ము మీద రంపం చప్పుడుతో మొదలుపెడితే ఆ సంఖ్య 33 అయింది. మా వైపు ఒడియా వారికి కూడా అది చేరుతోందని నా ఊహ, కానీ ఒక్క పోలికతో దానిని రుజువుగా చెప్పను.

ఈ స్వైప్ శాతాన్ని పొడుగు వీడియోల నిలకడతో పోల్చడమే నేను చేసిన పెద్ద తప్పు. షార్ట్ అడగకుండానే కళ్ల ముందు ఆడుతుంది. పన్నెండు నిమిషాల వీడియోను మాత్రం తెలుగు శీర్షిక, థంబ్‌నెయిల్ చూసి కోరి నొక్కుతారు, కాబట్టి భాష రానివారు చాలావరకు అక్కడే ఆగిపోతారు. పోల్చక తప్పదనుకుంటే స్వైప్ శాతానికి దగ్గరగా ఉండేది, థంబ్‌నెయిల్ కనిపించినప్పుడు ఎంత శాతం నొక్కారో చెప్పే క్లిక్ రేటు, అదీ అంకెకు అంకెగా కాదు. క్లిక్ రేటు సగం ఛానెళ్లకు 2 నుంచి 10 శాతం మధ్యలో ఉంటుందని యూట్యూబే చెబుతుంది. నా పొడుగు వీడియో 38 శాతమే చూశారని ఒకప్పుడు దిగులుపడి దానిని ఐదు నిమిషాలకు కుదించాను. కానీ ఆ 38 శాతం అంటే దాదాపు నాలుగున్నర నిమిషాలు.

ఇప్పటికీ రెండు అంకెలనూ ప్రతివారం చూస్తాను, షార్ట్‌ను షార్ట్‌తోనే పోలుస్తాను. రెండు భాషలు కలిసే ఊరిలో, తక్కువ వీక్షకులతో నడిచే ఛానెల్ కాబట్టి నాకు ఇది సరిపోతోంది. ఒకే భాష వారికి చేరే ఛానెల్‌లో స్వైప్ శాతం నాకంటే సూటిగా మాట్లాడవచ్చు.