స్కూల్ బస్సు యాప్‌కి ఏది మేలు: హై అక్యురసీయా, బ్యాలెన్స్‌డా?

ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల్ని ఎక్కించుకుని శ్రీకాకుళం టౌన్లో స్కూలుకి చేరే బస్సు ఒకటి అనుకుందాం. డ్రైవరు దగ్గరున్న మామూలు ఆండ్రాయిడ్ ఫోనే ట్రాకర్. తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: బస్సు ఎక్కడుంది, పిల్లాడిని రోడ్డు మీదకి ఎప్పుడు తీసుకురావాలి? డ్రైవరు గోడు వేరు. "చార్జింగ్ అయిపోనాది సార్, ఇంటికి ఫోను చేద్దామంటే కుదర్లేదు" అంటాడు. యాప్ రాసేవాడు ఈ ఇద్దరి మధ్యా నలుగుతాడు.

గూగుల్ ప్లే సర్వీసెస్‌లో ఉండే ఫ్యూజ్డ్ లొకేషన్ ప్రొవైడర్ ఇలాంటి పనికే ఉంది. జీపీఎస్, వైఫై, మొబైల్ టవర్లు, ఫోన్లోని సెన్సర్లు, వీటన్నిటినీ కలిపి ఒక లొకేషన్ చెబుతుంది. ఎంత కచ్చితంగా కావాలో, ఎంత తరచుగా కావాలో మనం చెబితే చాలు, దేన్ని ఆన్ చేయాలో అది చూసుకుంటుంది. చిక్కు ఆ చెప్పడంలోనే ఉంది.

మన బస్సుకి పోటీ ముఖ్యంగా రెండిటి మధ్యే. `PRIORITY_HIGH_ACCURACY` అడిగితే జీపీఎస్ ఆన్ అవుతుంది. ఆరుబయట మామూలుగా పది, ఇరవై మీటర్ల లోపు తేడాతో చుక్క పడుతుంది, బ్యాటరీ ఖర్చు మాత్రం ఎక్కువ. `PRIORITY_BALANCED_POWER_ACCURACY` అడిగితే జీపీఎస్ జోలికి చాలా అరుదుగా పోతుంది. వైఫై, టవర్లతోనే నెట్టుకొస్తుంది. సుమారు వంద మీటర్ల తేడాతో చెబుతుందని లెక్క. `PRIORITY_LOW_POWER` చాలా ముతకగా, పెద్ద నగరమంత పరిధిలో మాత్రమే చెబుతుంది. బస్సు ఆమదాలవలసలో ఉందో శ్రీకాకుళంలో ఉందో కూడా తేల్చలేని దానితో మనకేం పని? దాన్ని పక్కన పెట్టేద్దాం.

వంద మీటర్లంటే మా వీధి చివర దాకానే కదా, బ్యాలెన్స్‌డ్ సరిపోతుందిగా అనిపిస్తుంది. టౌన్లో నిజంగానే సరిపోతుంది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఏ పక్కకి చూసినా షాపులే, ప్రతి షాపులో ఒక వైఫై రూటర్. ఆ రూటర్లు ఎక్కడెక్కడున్నాయో గూగుల్‌కి ముందే తెలుసు కాబట్టి, ఫోను వాటి సిగ్నళ్లు విని తన చోటు బాగానే పట్టేస్తుంది. బస్సు టౌన్ దాటి పొలాల మధ్యకి వెళ్లాక కథ మారుతుంది. రోడ్డుకి రెండు వైపులా వరి చేలు, జీడి తోటలు. వైఫై అన్నదే లేదు. ఇక మిగిలింది మొబైల్ టవరు. పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి తేడా కిలోమీటరు దాటిపోతుంది. ఫోను పట్టుకున్న టవరు నాగావళి అవతల ఉంటే, మ్యాప్ మీద బస్సు కూడా ఏరు దాటేస్తుంది.

అంటే ఆ వంద మీటర్ల లెక్క వైఫై దండిగా ఉన్నచోట నిలబడేది. మన బస్సులో పిల్లలు ఎక్కేది సరిగ్గా అది నిలబడని చోట.

ఇది టెస్టింగ్‌లో బయటపడకపోవడానికి ఒక కారణం ఉంది. ఫ్యూజ్డ్ లొకేషన్ అన్ని యాప్‌లకీ ఉమ్మడి. పక్కన గూగుల్ మ్యాప్స్ దారి చూపిస్తూ తెరిచి ఉంటే, దాని కోసం జీపీఎస్ ఎలాగూ నడుస్తుంది. మనం బ్యాలెన్స్‌డ్ అడిగినా ఆ జీపీఎస్ లొకేషన్లే మనకూ ఉచితంగా అందుతాయి. టెస్ట్ చేసే కుర్రాడు మ్యాప్స్ చూసుకుంటూ బస్సు వెనకాల బండి మీద తిరిగి, "సూపర్‌గా వస్తుంది" అని రిపోర్టు ఇస్తాడు. డ్రైవరు మ్యాప్స్ ఎందుకు తెరుస్తాడు? ఆ రోడ్డు అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. కాబట్టి టెస్ట్ చేసేటప్పుడు లొకేషన్ వాడే మిగతా యాప్‌లన్నీ మూసేయాలి. వచ్చిన ప్రతి లొకేషన్‌తో పాటు `location.accuracy` విలువనూ లాగ్‌లో రాసుకోవాలి. అది మీటర్లలో వ్యాసార్థం. ఫోను నిజంగా ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతం అని అర్థం. టౌన్లో ఇరవై, ముప్పై చూపించి, ఊరు దాటగానే వెయ్యి పైకి ఎగబాకితే ఫోను టవర్ల మీద పడిందన్నమాట.

ఇక రెండో లెక్క, ఎంత తరచుగా అడగాలన్నది. చాలామంది దీన్నీ అక్యురసీనీ ఒకే గాటన కట్టేస్తారు. బస్సు గంటకి 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకి పది మీటర్లు కదిలినట్టు. పది సెకన్ల కిందటి లొకేషన్ అంటే ఈపాటికి బస్సు వంద మీటర్లు ముందుకి పోయింది. ముప్పై సెకన్లయితే మూడు వందలు. నిమిషమైతే ఆరు వందలు, ఈలోగా ఒక స్టాపు దాటేయొచ్చు కూడా. బ్యాటరీ మిగలాలని హై అక్యురసీ పెట్టి నిమిషానికోసారి అడిగితే, పది మీటర్ల కచ్చితత్వానికి ఖర్చు పెట్టి ఆరు వందల మీటర్ల తప్పు కొనుక్కున్నట్టే. సెకనుకోసారి అడగడం ఇంకో అతి. అమ్మ గేటు తీసుకుని రోడ్డు మీదకి రావడానికే ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆమెకి పది మీటర్ల తేడాతో ఏం పని? ఈ పనికి నూట యాభై, రెండు వందల మీటర్ల మొత్తం తేడా తట్టుకోగలం. ఆ లెక్కన పల్లె రోడ్డు మీద హై అక్యురసీ, పది సెకన్ల విరామం సరిగ్గా అతుకుతాయి.

```kotlin
val request = LocationRequest.Builder(
        Priority.PRIORITY_HIGH_ACCURACY, 10_000L)
    .setMinUpdateIntervalMillis(5_000L)
    .build()
```

రెండో సంఖ్య ఎందుకంటే, వేరే యాప్ సెకనుకోసారి లొకేషన్ తీసుకుంటుంటే అవన్నీ మన మీద కూడా వచ్చి పడకుండా. అయిదు సెకన్ల కంటే తొందరగా వచ్చేవి మనకొద్దని చెబుతున్నాం.

`setMinUpdateDistanceMeters` కూడా పెట్టి, బస్సు యాభై మీటర్లు కదిలితేనే చెప్పమంటే బ్యాటరీ మిగులుతుందిగా అని ఒక ఆలోచన వస్తుంది. ఈ పనికి నాకది నచ్చదు. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగిందనుకోండి, లొకేషన్లు రావడం ఆగిపోతాయి. బస్సు ఆగిందా, ఫోను ఆఫ్ అయిందా, నెట్ పోయిందా? స్కూలు ఆఫీసులో కూర్చున్న వాళ్లకి మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. టెన్షన్ పడిన తల్లిదండ్రులు డ్రైవరుకే ఫోన్లు మొదలెడతారు.

బ్యాటరీ మాటకొస్తే, తప్పంతా జీపీఎస్ మీదకే తోసేయడం సరికాదు. ప్రతి లొకేషన్‌నీ సర్వర్‌కి పంపాలి కదా. మొబైల్ డేటా రేడియో ఒక్కసారి మేల్కొంటే, నాలుగు అంకెలు పంపేశాక కూడా కొన్ని సెకన్ల పాటు మెలకువగానే ఉంటుంది. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్నచోట మరింత పవర్ తాగుతుంది. పది సెకన్లకోసారి పంపితే దానికి నిద్రే ఉండదు. అందుకని స్టాపు దగ్గర పడుతున్నప్పుడు వచ్చినవి వచ్చినట్టే పంపి, స్టాపుల మధ్య దూరం ఎక్కువున్నచోట రెండు మూడిటిని మూటగట్టి ఒకేసారి పంపితే బాగుంటుంది. డీజిల్ లెక్క కోసం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మాత్రమే కావాలనుకుంటే ఇంకా హాయి. `setMaxUpdateDelayMillis` పెట్టి లొకేషన్లని గుంపుగా అందుకోవచ్చు. ఈ విలువ విరామానికి కనీసం రెండింతలు ఉంటేనే గుంపు కట్టే వీలుంటుంది. ఎదురు చూసే తల్లికి మాత్రం అది పనికిరాదు.

అయినా బ్యాటరీ అసలు పోయేది ట్రిప్పులో కాదు. ఉదయం గంట, సాయంత్రం గంట హై అక్యురసీ నడిస్తే ఏ ఫోనైనా తట్టుకుంటుంది. బస్సు స్కూలు ఆవరణలో ఆగి ఉన్న ఆరేడు గంటలూ అదే రిక్వెస్టు నడుస్తుంటేనే సాయంత్రానికి ఫోను కళ్లు తేలేస్తుంది. నన్నడిగితే పొదుపు చేయాల్సింది అడిగే సమయం మీద. అక్యురసీ మీద పొదుపు చేస్తే ఊళ్లలో బస్సే కనపడకుండా పోతుంది.

దానికి జియోఫెన్స్ పెట్టి, బస్సు ఫలానా చోటు దాటగానే ట్రాకింగ్ దానంతటదే మొదలయ్యేలా చేయొచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్నప్పుడు జియోఫెన్స్ కబురు రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా రావడం మామూలే. ఫోను చాలాసేపు కదలకుండా ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. రెండు నిమిషాల్లో మన బస్సు 1.2 కిలోమీటర్లు పోతుంది. మొదటి స్టాపు పిల్లలు ఎక్కేశాక ట్రాకింగ్ మొదలవుతుంది. పైగా బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్ పర్మిషన్ కావాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి అది విడిగా అడగాల్సిన పర్మిషన్, ప్లే స్టోర్ వాళ్లకి సంజాయిషీ కూడా చెప్పుకోవాలి.

దానికంటే డ్రైవరు చేతికి పెద్ద బటన్ ఒకటి ఇవ్వడం మేలు: "ట్రిప్ మొదలు". నొక్కినప్పుడు యాప్ కళ్లముందే ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి `location` రకం ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ మొదలుపెడితే 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న పర్మిషనే చాలు. స్క్రీన్ ఆఫ్ అయినా నోటిఫికేషన్ కనిపిస్తూ లొకేషన్లు వస్తుంటాయి. సర్వీస్ లేకుండా వదిలేస్తే, ఆండ్రాయిడ్ 8 నుంచి బ్యాక్‌గ్రౌండ్ యాప్‌కి గంటలో కొన్నిసార్లే లొకేషన్ ఇస్తారు. మ్యాప్ మీద బస్సు ఒకేచోట నిలబడి, ఉన్నట్టుండి అయిదు ఊళ్లు దాటి దూకిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

పర్మిషన్ అడిగే చోట ఇంకో మెలిక. ఆండ్రాయిడ్ 12 నుంచి 'కచ్చితమైన', 'సుమారు' అని రెండు బొమ్మలు చూపిస్తారు. డ్రైవరు తొందరలో సుమారు నొక్కేస్తే, మనం హై అక్యురసీ అని ఎంత మొత్తుకున్నా దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల పరిధిలోనే చెబుతుంది. ట్రిప్ మొదలయ్యే ముందే `ACCESS_FINE_LOCATION` దక్కిందో లేదో చూసి, దక్కకపోతే ట్రిప్ మొదలవనివ్వకూడదు.

బ్యాలెన్స్‌డ్‌కి చోటే లేదా అంటే, ఉంది. తల్లిదండ్రుల యాప్‌లో ఇంటి స్టాపు గుర్తు పెట్టుకునేటప్పుడు `getCurrentLocation` ని బ్యాలెన్స్‌డ్‌తో ఒక్కసారి పిలిచి, మ్యాప్ మీద సూదిని వాళ్లచేతే సరిచేయిస్తే చాలు. అప్పుడు `getLastLocation` వాడితే ఎప్పటిదో పాత లొకేషన్ రావచ్చు, ఒక్కోసారి ఏమీ రాకపోవచ్చు. ఆ తర్వాత వాళ్ల ఫోన్లో లొకేషన్ అవసరమే లేదు.

బస్సులో చార్జర్ ఉంటే ఈ గొడవంతా ఎందుకు, అయిదు సెకన్లకోసారి అడిగేయొచ్చు కదా అంటారా? వైరు గట్టిగా నిలబడితే అడగండి. కాకపోతే ఒంటిపూట బడుల రోజుల్లో మధ్యాహ్నం ట్రిప్పుకి ఫోను డాష్‌బోర్డు మీద ఎండలో ఉంటుంది. అటు చార్జింగ్, ఇటు జీపీఎస్, పైన ఎండ. వేడెక్కితే ఫోను తనంతట తానే చార్జింగ్ ఆపేస్తుంది. దాన్ని నీడపట్టున పెట్టించండి.

"ట్రిప్ అయింది" బటన్ నొక్కడం డ్రైవరు మర్చిపోతాడని ముందే రాసిపెట్టుకోండి. బస్సు స్కూలుకి రెండు వందల మీటర్ల లోపు వచ్చి పది నిమిషాలు కదలకపోతే యాప్ తనే `removeLocationUpdates` పిలిచి సర్వీస్ ఆపేయాలి. స్కూలు దాకా రాకుండా బస్సు దారిలోనే చెడిపోతే ఈ షరతు పనిచేయదు కాబట్టి, మొదలైన మూడు గంటలకి ఏమైనా సరే ఆగిపోయేలా ఇంకో గడువు కూడా పెట్టాలి.