ఎస్‌పీఎఫ్ ఉన్న కాంపాక్ట్: ఏడాది పైగా వాడాక

ఈ కాంపాక్ట్‌తో నా పేచీ అంతా మూత మీదున్న ఎస్‌పీఎఫ్ 30 అనే అంకెతోనే. పౌడర్‌గా మంచిదే. నా చామనఛాయలో కలిసిపోతుంది, తెల్లగా పూసినట్టు కనపడదు, ముక్కు పక్కన జిడ్డు తేలనివ్వదు. కొత్తలో ఆఫీసులో అందరికీ కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడైతే నీడపట్టున ఉండేవాళ్లకే చెప్తాను.

నాది విజయవాడలో బీమా పని. పొద్దున సన్‌స్క్రీన్, దాని మీద ఫౌండేషన్ వేసుకుని స్కూటీ ఎక్కితే సాయంత్రం దాకా తిరుగుడే. ఎండలో ఉన్నప్పుడు రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ మళ్లీ రాసుకోమని సీసా మీదే ఉంటుంది. మేకప్ మీద క్రీము రుద్దితే ముఖమంతా చారలు పడుతుంది కాబట్టి, ఆ పని పౌడర్ చేస్తుందనే దీన్ని కొన్నాను. కొన్న చోటా అదే చెప్పారు. వేసవి దాటేసరికి చెంపల మీద మంగు మళ్లీ ముదిరింది.

చర్మం డాక్టరు గారు డబ్బా చూసి, "ఇది మీకు ఎన్నాళ్లొస్తుందమ్మా?" అని అడిగారు. నాలుగైదు నెలలన్నాను. "ఎస్‌పీఎఫ్ కోసమైతే పది రోజులు కూడా రాకూడదు," అన్నారు.

లెక్క ఇదీ. ల్యాబులో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ముఖం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కసారికి 1 గ్రాము కావాలి. నా డబ్బాలో ఉన్నదే 9 గ్రాములు. మా వదిన వాళ్లది బంగారం కొట్టు. అక్కడి త్రాసు మీద డబ్బాని పఫ్‌తో సహా తూచి, ఎప్పటిలాగే ముఖమంతా అద్దుకుని మళ్లీ తూచాం. తగ్గింది 80 మిల్లీగ్రాములు. "ఏమ్మా, ఇంతేనా నువ్వు పూసుకునేది?" అంది వదిన. మూత మీది అంకె నిజం కావాలంటే అలాంటివి పన్నెండు పూతలు వేయాలి. రెండో పూతకే కళ్ల కింద గీతల్లో పౌడర్ ఇరుక్కుంటుంది, ఇక పన్నెండు ఎవరు వేస్తారు? కింద రాసిన సన్‌స్క్రీన్ 50, ఇది 30, మొత్తం 80 అనుకోవడానికీ లేదు, అవి అలా కూడవు.

ఇంకో ఇబ్బంది వాడగా వాడగా బయటపడింది. చెమట, జిడ్డు ఉన్న ముఖం మీద అద్దిన పఫ్‌నే మళ్లీ డబ్బాలో ఒత్తుతాం కదా, ఆ నూనెకి పౌడర్ పైన నున్నగా మెరిసే గట్టి పొర కడుతుంది. ఇక ఎంత ఒత్తినా పఫ్‌కి ఏమీ అంటదు. మనం మాత్రం అద్దుకున్నామనే అనుకుంటాం. పఫ్‌ని వేలికి రాసి చూస్తే రంగు అంటకపోవడంతో తెలిసిపోతుంది. సెల్లోటేపు అంటించి లాగితే ఆ పొర ఊడొస్తుంది. పఫ్‌ని వారానికోసారి సబ్బుతో ఉతికి ఆరబెడుతున్నాక మళ్లీ కట్టలేదు.

ఇన్ని చెప్పినా దీన్ని పారేయలేదు, దానికో కారణం ఉంది. మంగు ముదరడానికి అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా కారణమే, ముఖ్యంగా మనలాంటి రంగు చర్మాలకి. మామూలు రంగులేని సన్‌స్క్రీన్ ఆ వెలుతురుని పెద్దగా ఆపదు. మేకప్‌కి గోధుమ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు ఆపుతాయి. డబ్బా వెనక సీఐ 77491, 77492, 77499 అని ఉండేవి అవే. ఆ మేలు కూడా పూత మందాన్ని బట్టే కాబట్టి, పల్చటి పౌడర్ కంటే ఫౌండేషన్‌తోనే ఎక్కువ. అయినా సన్‌స్క్రీన్ మీద అదనపు పొరగా ఇది నాకు పనికొస్తోంది.

మధ్యాహ్నం ఇప్పుడు ఇలా చేస్తున్నాను. ముందు టిష్యూతో చెమటా జిడ్డూ అద్ది తీస్తాను, తుడవను. జెల్ సన్‌స్క్రీన్ కొంచెం కొంచెంగా తడి స్పాంజి మీద వేసుకుని ఒక్కో చెంపా, నుదురూ, ముక్కూ మీద ఒత్తుతాను. రుద్దితే కింది ఫౌండేషన్ లేచిపోతుంది. ఆరాక రెండోసారి ఒత్తి, మెరుపు తగ్గడానికి చివర్లో కాంపాక్ట్. స్పాంజి కొంత పీల్చుకుంటుంది కాబట్టి పొద్దున రాసినంత పడుతుందని అనలేను. మరీ ఎండన పడి తిరిగిన రోజు ముఖం కడిగేసి సన్‌స్క్రీన్ మొదట్నుంచీ రాసుకుంటున్నాను, ఆ పూట మేకప్ లేకపోయినా ఫరవాలేదనుకుని.

డబ్బా అయిపోతే ఇదే మళ్లీ కొంటాను, షేడ్ కోసం, జిడ్డు కోసం. మంగు లేనివాళ్లకి, కిటికీకి దూరంగా కూర్చుని పని చేసేవాళ్లకి, పొద్దున సన్‌స్క్రీన్ సరిగ్గా రాసుకుంటే దీనితో సరిపోవచ్చు. నాది స్కూటీ ఉద్యోగం, పైగా మంగు. ఎస్‌పీఎఫ్ లేని రకం ఇదే షేడ్‌లో తక్కువకి దొరికితే అదే తీసుకుంటాను.