సరి-బేసి చార్టు పేరుతో మోసం, గాజువాక వాళ్లు జాగ్రత్త

మా బామ్మర్ది సింగపూర్‌లో షిప్‌యార్డు వెల్డర్. అక్కడి టోటో లాటరీలో 1 నుంచి 49 దాకా ఉన్న నంబర్లలో ఆరు తీస్తారు. గాజువాకలో మాకు తెలిసిన కుర్రాడొకడు ఈ ఆటకి 'సరి-బేసి చార్టు' అని 2,999 రూపాయలకి అమ్మాడు. బామ్మర్ది కోసమని యూపీఐలో డబ్బు పంపింది నేనే.

చార్టులో ఉన్న లెక్క అబద్ధం కాదు. అందుకే నమ్మేశాం. 49లో బేసి సంఖ్యలు 25, సరి సంఖ్యలు 24. ఆరు నంబర్ల కలయికలు మొత్తం 1,39,83,816. వాటిలో మూడు సరి, మూడు బేసి ఉన్నవి 46,55,200, అంటే 33 శాతం. నాలుగు బేసి, రెండు సరి ఉన్నవి దాదాపు 25 శాతం. నాలుగు సరి, రెండు బేసి దాదాపు 23 శాతం. ఈ మూడూ కలిపితే 81. ఆరూ సరి వచ్చేది ఒక శాతం కూడా లేదు. "పదిలో ఎనిమిది డ్రాలు మా చార్టులోనే పడతాయి" అన్నాడు. నిజంగానే పడ్డాయి. బామ్మర్ది ఆడిన పది డ్రాలలో ఎనిమిది ఆ మూడు రకాల్లోనే వచ్చాయి. కానీ వాడి టికెట్టుకి ఏ డ్రాలోనూ రెండు నంబర్లకి మించి తగల్లేదు.

మోసం ఎక్కడుందో ఒక రాత్రి కాగితం మీద వేసుకుంటే కనబడింది. మూడు-మూడు రకం ఎక్కువసార్లు వచ్చేది ఆ రకంలో కలయికలు ఎక్కువ కాబట్టే. మన టికెట్టు ఆ 46,55,200లో ఒక్కటి. ఆరూ సరి రాస్తే 1,34,596లో ఒక్కటి. ఆ రకం అరుదే, కానీ అందులో పోటీ కలయికలూ అంతే తక్కువ. రెండు వైపులా గుణించి చూడండి, ప్రతి టికెట్టుకీ 1,39,83,816లో ఒక్క అవకాశమే మిగులుతుంది. పెద్ద కాలనీకి ఉత్తరాలు ఎక్కువ వస్తాయని మన గుమ్మానికి ఎక్కువ రావు కదా!

ఆ కుర్రాడు ఇంకొకటి కూడా చెప్పాడు. "వరసగా బేసి ఎక్కువ పడింది, ఈసారి సరి రావాలి" అని. ప్రతి డ్రాకీ 49 బంతులూ మళ్లీ మిషన్‌లోకే వెళతాయి. పోయిన వారం ఏం పడిందో వాటికి తెలియదు.

మీకు ఇలాంటి చార్టు చూపిస్తే ఒక్క ప్రశ్న అడగండి: ఎన్ని డ్రాలలో రకం తగిలింది అని కాదు, మీరు ముందే రాసిచ్చిన టికెట్లలో ఎన్ని నంబర్లు తగిలాయి? మాకు చార్టు అమ్మినవాడు దీనికి జవాబు చెప్పలేదు, తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. పేమెంట్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్‌లు దాచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. మీరూ డబ్బు పంపేసి ఉంటే మెసేజ్‌లు చెరిపెయ్యకండి, ఈరోజే ఫోన్ చెయ్యండి.