పట్టికలో స్లైడర్ చెప్పలేనిది, నమూనా వాక్యం చెప్పింది: 14 నెలల వాడకం తరువాత

నెల్లూరులో రొయ్యల గుంటల నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు అమ్మే సంస్థలో వాట్సాప్‌లో రైతులకు జవాబులు రాసే ఏడుగురి బృందాన్ని నేను చూస్తున్నాను. జవాబులు ఏ ధోరణిలో ఉండాలో చెప్పే మా మాటతీరు పట్టికను, వెబ్‌సైట్ల వాడకంపై పరిశోధన చేసే నీల్సన్ నార్మన్ గ్రూప్ చెప్పే నాలుగు కొలతలతో, అంటే హాస్యం, చనువు, గౌరవం, ఉత్సాహం అనే స్లైడర్లతో, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు అంకెలు పెట్టి తయారుచేసుకున్నాము. మొదటి రెండు నెలలు నేను దానిని కనిపించిన వారందరికీ మెచ్చుకుని చెప్పాను. ఏడుగురూ ఒకే గొంతుతో రాస్తున్నట్లు కనిపించింది కదా అని నా సంబరం. నిజానికి అందరూ ఒకే పలకరింపును అతికిస్తున్నారని ఆ తరువాత తెలిసింది.

ఒక తెల్లవారుజామున మూడు గంటలు దాటాక అల్లూరు వైపు రైతు ఒకరు, గేర్‌బాక్స్ ఆగిపోయిందని, రొయ్య పైకి తేలుతోందని సందేశం పెట్టారు. సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు అడుగంటే వేళ అది. పట్టికలో ఉత్సాహం 4, చనువు 4 ఉన్నందున మా అబ్బాయి, "నమస్తే అన్నా! మీ సందేశం చూసి సంతోషం, చిటికెలో చూసేద్దాం!" అని రాశాడు. వెంటనే ఫోన్ వచ్చింది: "సరుకు పోతుంటే నీకు సంతోషమా?" అబ్బాయి తప్పు చేయలేదు, పట్టిక చెప్పినట్లే రాశాడు.

గొంతు ఒకటే అయినా సందర్భాన్నిబట్టి స్వరం మారాలి. మేము మాత్రం స్లైడర్లను అన్ని సందర్భాలకూ ఒకేచోట బిగించాము. ఆ వారమే వాటిని మూడు వరుసలుగా విడదీశాము: వివరం అడిగినవారు, సరుకు ఆలస్యమైనవారు, గుంటలో నష్టం జరుగుతున్నవారు. మూడవ వరుసలో ఉత్సాహం, హాస్యం రెండూ 1కి దించి, నమూనా వాక్యం ఇలా పెట్టాము: "గేర్‌బాక్స్ ఆగిందని అర్థమైందండీ. మిగిలిన ఫ్యాన్లన్నీ వేయండి, మేత ఆపండి. పది నిమిషాల్లో మా మెకానిక్ ఫోన్ చేస్తారు."

చనువు స్లైడర్‌తో మరొక చిక్కు ఉంది. ఇంగ్లీషులో ఎదుటివారు ఎవరైనా 'you' అనే ఒకటే సర్వనామం కనుక చనువు పెరిగినా గౌరవం చెక్కుచెదరదు, మనకేమో క్రియ చివరనే బయటపడిపోతుంది. 4 అనగానే ఒక కొత్త అమ్మాయి "నువ్వు ఫోటో పంపు" అని రాసింది. అప్పటినుంచి 'మీరు' స్లైడర్ మీద లేదు, అది నియమం. "అన్నా" అనడం మాత్రం రైతు ముందుగా అలా పిలిచినప్పుడే.

నమూనా వాక్యాలకూ పూర్తి మార్కులు వేయలేను. ఒకే రైతుకు మూడుసార్లు ఒకే క్షమాపణ అక్షరం మారకుండా వెళ్లింది. ఇప్పుడు ప్రతి వరుసలోనూ మాకు నిజంగా వచ్చిన సందేశం, మేము పొరపాటుగా రాసిన జవాబు, దిద్దిన జవాబు పక్కపక్కనే ఉంచి, దిద్దిన కారణాన్ని ఒక వాక్యంలో రాస్తున్నాము. నెలకొకసారి ఒకే సందేశాన్ని ఏడుగురికీ ఇచ్చి, పేర్లు తీసేసి చదువుతాము. 3 అనే అంకెకు ఇప్పటికీ ఏడు అర్థాలు వస్తున్నాయి, వాక్యాలు చదివాక మాత్రం రెండు మూడుకు తగ్గుతున్నాయి.

ఏడుగురమే, తెలుగులోనే, వాట్సాప్‌లోనే రాస్తాము కనుక మాకు సరిపోయింది. ఫోన్‌లో మాట్లాడే బృందానికి ఇదే పట్టికను ఇవ్వమని అడిగితే, నేను ఇంకా ఇవ్వలేదు.