కిరాణా కొట్టు డాష్‌బోర్డు: పెట్టెల వరుసా, విడి పేజీలా, గల్లా లెక్కా? ఏది మేలు?

చిన్న కొట్టు యజమానికి అమ్మకాలు, సరుకు నిల్వ, ఖర్చులు ఒక్క తెర మీద చూపించాలంటే సాధారణంగా మూడు రకాల అమరికలు ముందుకు వస్తాయి. మొదటిది నాలుగు పెట్టెల అమరిక: ఈరోజు అమ్మకం, ఖర్చు, లాభం, నిల్వ విలువ పైన నాలుగు పెట్టెల్లో, కింద ఒక గ్రాఫు. రెండోది విడి పేజీల అమరిక: అమ్మకాలకు ఒకటి, నిల్వకు ఒకటి, ఖర్చులకు ఒకటి, తెర అడుగున మూడు మీటలు. మూడోది నిలువు వరుస: గల్లా లెక్కతో మొదలై, తెప్పించుకోవలసిన సరుకు మీదుగా, రావలసిన బాకీల దాకా ఒకే పేజీలో దిగుతుంది. కోనసీమలో కిరాణా కొట్ల వాళ్లకు ఇలాంటి తెరలు తయారు చేసే నేను గట్టిగా మూడోదాని వైపే మొగ్గుతాను. కారణం ఒక రోజు లెక్కతో చెబితే సులువుగా తెలుస్తుంది.

అంబాజీపేట దగ్గర ఊళ్లో భార్యాభర్తలు నడిపే కొట్టు అనుకుందాం. కొట్లో ఎక్కువసేపు కూర్చునేది ఆవిడే. అమలాపురం హోల్‌సేల్ నుంచి మంగళవారం సాయంత్రం సరుకు దిగుతుంది. ఇప్పుడు శుక్రవారం రాత్రి, షట్టరు వేసే వేళ. ఆ రోజు అమ్మకం రూ. 18,450. అందులో నగదు 7,900, ఫోన్ ద్వారా వచ్చినది 8,300, అరువు 2,250. పాత బాకీల కింద నగదుగా 1,500 వసూలైంది. ఆటో బాడుగకు 350, టీలకు 60 ఇచ్చారు. హోల్‌సేల్ కొట్టు గుమాస్తా వసూలుకు వస్తే 5,000 ఇచ్చారు. ఇంటి కూరగాయలకని గల్లాలోంచి 500 తీశారు. పొద్దున చిల్లరగా గల్లాలో పెట్టినది 2,000.

నాలుగు పెట్టెల అమరికలో ఈ రోజు ఎలా కనిపిస్తుంది? అమ్మకం 18,450. ఖర్చు పెట్టెలో 5,910, ఎందుకంటే గల్లాలోంచి బయటికి వెళ్లిన ప్రతి రూపాయినీ ఖర్చు కింద కలిపేస్తారు. లాభం పెట్టెలో 12,540. ఈ మూడింటిలో మొదటిది ఒక్కటే నిజం. గుమాస్తాకు ఇచ్చిన 5,000 ఇదివరకు దిగిన సరుకు తాలూకు బాకీ, ఇంటికి తీసిన 500 సొంత వాడకం. అసలు ఖర్చు ఆటోకు, టీలకు పోయిన 410 మాత్రమే. ఈ కొట్లో అమ్మకం మీద సగటున పదో వంతు మిగులుతుందని లెక్క వేసుకుంటే ఆ రోజు మిగులు 1,845, ఖర్చు పోగా 1,435. కరెంటు బిల్లు, అద్దె రోజువారీ వాటా తీస్తే ఇంకా తగ్గుతుంది. 12,540 లాభమని చూపించిన పెట్టె, పెద్ద సరుకు దిగి 30,000 చెల్లించిన రోజున అంతే ధైర్యంగా నష్టమని ఎర్రగా చూపిస్తుంది. రెండు వారాలు ఇలా చూసినవాళ్లు ఆ పెట్టెను నమ్మడం మానేస్తారు. ఆ తర్వాత నిజమైన అంకె పక్కనే ఉన్నా చూడరు.

ఏ అమరిక ఎంచుకున్నా సరే, గల్లాలోంచి పోయే డబ్బును మూడు రకాలుగా విడదీయాలి: ఖర్చు, సరుకుకు చెల్లింపు, సొంత వాడకం. నమోదు చేసేటప్పుడే మూడు మీటలు పక్కపక్కన ఉంటే చాలు, ఒక్క నొక్కుతో అయిపోతుంది.

విడి పేజీల అమరిక చూడటానికి శుభ్రంగా ఉంటుంది. అయితే రాత్రి కొట్టు కట్టేటప్పుడు ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: “గల్లాలో ఎంత ఉండాలండీ?” దీనికి జవాబు ఏ ఒక్క పేజీలోనూ దొరకదు. నగదు అమ్మకం మొదటి పేజీలో, చెల్లింపులు మూడో పేజీలో, వసూలైన బాకీ మరోచోట ఉంటాయి. ఒక పేజీ అంకె గుర్తుపెట్టుకుని మరో పేజీలోకి వెళ్లాలి, ఈలోగా ఎవరో ఒకరు వచ్చి కొబ్బరినూనె ప్యాకెట్ అడుగుతారు. చివరికి కాగితం మీద కూడికలు వేసుకోవాల్సిందే. అలాంటప్పుడు పాత పుస్తకమే మేలనిపించడంలో తప్పేముంది?

నిలువు వరుసలో మొట్టమొదట ఉండేది ఆ జవాబే. పొద్దుటి చిల్లర 2,000, నగదు అమ్మకం 7,900, వసూలైన బాకీ 1,500 కలిపి 11,400. ఇందులోంచి ఖర్చులు 410, సరుకుకు చెల్లింపు 5,000, సొంత వాడకం 500 తీసేస్తే గల్లాలో 5,490 ఉండాలి. ఈ అంకె పెద్ద అక్షరాల్లో ఉండి, దాని కింద ‘లెక్కపెట్టినది’ అని ఖాళీ గడి ఉంటుంది. ఆవిడ నోట్లు లెక్కపెట్టి 5,290 అని కొడుతుంది. వెంటనే ‘200 తక్కువ’ అని మాటల్లో వస్తుంది. ఆ మాట నొక్కితే ఆ రోజు నగదు నమోదులన్నీ వేళల వరుసలో తెరుచుకుంటాయి. మధ్యాహ్నం పెరుగు ప్యాకెట్ల అబ్బాయికి ఇచ్చిన 200 అందులో లేదని ఆవిడకు చూడగానే తెలుస్తుంది. అక్కడే చేర్చేస్తే లెక్క సరిపోతుంది. ఇలా తేలని రోజున ముందుగా చూడవలసినది ఫోన్ ద్వారా వచ్చిన సొమ్మును. రద్దీలో దాన్ని నగదు కింద నొక్కేయడం మామూలే, అప్పుడు గల్లా సరిగ్గా ఆ ఒక్క బేరం మేరకు తగ్గుతుంది. ఆ మొత్తం ఉన్న బేరం కోసం వరుసలో చూస్తే పట్టుకోవచ్చు.

ఇక నిల్వ. ‘పదికంటే తగ్గితే ఎరుపు’ అనే నియమం చాలా తెరల్లో ఉంటుంది, మూడు అమరికల్లోనూ దూరుతుంది. ఆ శుక్రవారం రాత్రి కొట్లో ఉప్పు ప్యాకెట్లు 9, మినపగుళ్లు 14 కిలోలు ఉన్నాయి. నియమం ప్రకారం ఉప్పు ఎర్రగా వెలుగుతుంది, మినపగుళ్లు పచ్చగా ఉంటాయి. కానీ ఉప్పు రోజుకు ఒక్క ప్యాకెట్టే పోతుంది, తొమ్మిది రోజులకు ఢోకా లేదు. మినపగుళ్లు రోజుకు 4 కిలోలు పోతాయి, మూడున్నర రోజుల్లో ఖాళీ. మంగళవారం సాయంత్రం సరుకు దిగేలోపు నాలుగు రోజుల అమ్మకం ఉంది. అంటే మంగళవారం ఇడ్లీకి పప్పు నానబోసుకుందామని వచ్చినవాళ్లు పక్క కొట్టుకు వెళ్తారు. కాబట్టి తెర మీద ఉండాల్సినది ‘ఎన్ని కిలోలు’ అన్నది కంటే ‘ఎన్ని రోజులకు వస్తుంది’ అన్నది, దాన్ని సరుకు దిగే రోజుతో పోల్చిన మాట. నిలువు వరుసలో రెండో భాగం ఇదే: మంగళవారం దాకా సరిపోనివి మాత్రమే, ముందుగా అయిపోయేది పైన. ఆ రాత్రి అందులో మినపగుళ్లు ఒక్కటే ఉంటే ఒక్క వరుసే చూపాలి. ఆదివారం అమలాపురం పని మీద వెళ్లే భర్తతో పది కిలోలు తెప్పించుకుంటే సరిపోతుంది.

‘రోజుకు 4 కిలోలు’ ఎక్కడిది? ప్రతి వస్తువుకూ బిల్లు కొట్టని కొట్లో దీన్ని వారానికోసారి నిల్వ చూసి రాబట్టాలి. పోయిన శుక్రవారం 17 కిలోలున్నాయి, మంగళవారం 25 దిగాయి, ఈ శుక్రవారం 14 మిగిలాయి. అంటే వారంలో 28 పోయాయి, రోజుకు 4. ఇలా లెక్కపెట్టగలిగేది ఎక్కువగా కదిలే ముప్పై, నలభై సరుకులకే. కొట్లో ఉన్న నాలుగైదు వందల రకాలనూ పట్టుకోవాలని చూస్తే నెల తిరగకుండానే లెక్క ఆగిపోతుంది. గతవారం సగటు పండగ ముందు పనికిరాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 40 కిలోల బెల్లం మామూలు రోజుల్లో రోజుకు 4 చొప్పున పది రోజులు వస్తుంది. సంక్రాంతి ముందు ఇంటింటా అరిసెల పాకం పడుతుంటే రోజుకు 12 పోవచ్చు, అప్పుడు నాలుగో రోజుకు బస్తా అడుగు కనిపిస్తుంది. అందుకే సగటు పక్కన యజమాని తన చేత్తో దిద్దుకునే వీలుండాలి.

గ్రాఫు గురించి ఒక మాట. ‘పోయిన ఏడాది ఇదే తేదీ’తో పోల్చే గీత అందంగా ఉంటుంది గానీ మన కొట్లకు తరచు తప్పుదారి చూపుతుంది. 2024లో దీపావళి అక్టోబరు 31న వస్తే 2025లో అక్టోబరు 20నే వచ్చింది. 2025 అక్టోబరు 25 నాటికి కార్తికం నడుస్తోంది, వత్తులూ నువ్వులనూనే జోరుగా పోతాయి. 2024లో అదే తేదీకి ఇంకా దీపావళే రాలేదు. సంక్రాంతికి తేదీతో పోల్చవచ్చు. దీపావళి, వినాయక చవితి, కార్తికం లాంటి వాటికి తిథితోనే పోల్చాలి. ఇంత చేయలేకపోతే పోయిన వారం ఇదే రోజుతో పోల్చితే చాలు, శుక్రవారానికి శుక్రవారం.

మూడో భాగం బాకీలు. 30 రోజులు, 60 రోజులు అని వయసును బట్టి రంగులు వేయడం పట్నం పద్ధతి. ఇక్కడ ఇచ్చేవాళ్లు పంట చేతికొచ్చినప్పుడు ఇస్తారు. దాళ్వా వేసిన రైతు బాకీ ఫిబ్రవరిలో ఎర్రబడినంత మాత్రాన అతను ఎగవేసినట్టు కాదు, ధాన్యం డబ్బు చేతిలో పడ్డాక తీరుస్తాడు. కొబ్బరి తోట ఉన్నవాళ్లు దింపు తీసిన తర్వాత ఇస్తారు. కాబట్టి బాకీ రాసేటప్పుడే ‘ఎప్పుడిస్తామన్నారు’ అన్న గడి ఉండి, ఆ గడువు దాటినవాళ్ల పేర్లే ఈ భాగంలో కనిపించాలి.

తెర కొలతల సంగతి కూడా తీర్పును ఇటే తిప్పుతుంది. ఫోన్‌లో రెండేసి పెట్టెలు పక్కపక్కన పెడితే ఒక్కోదానికి సగం వెడల్పు కూడా దక్కదు. నిల్వ విలువ రూ. 1,84,500 అయ్యేసరికి అంకె రెండు వరుసలుగా విరుగుతుంది లేదా చివర చుక్కలు పడతాయి. తెలుగు పేర్లకు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయే ఎత్తులో వరుస బిగిస్తే కింద వత్తులు తెగిపోతాయి, ‘అమ్మకాలు’ కాస్తా ‘అమకాలు’గా కనిపిస్తుంది. వరుస ఎత్తు అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. నిలువు వరుసలో పూర్తి వెడల్పు ఉంటుంది కాబట్టి ఇది ఇబ్బంది కాదు. కొత్త నమోదు మీట మాత్రం పేజీతో పైకి జరిగిపోకుండా అడుగున, బొటనవేలికి అందేచోట స్థిరంగా ఉంచాలి.

మిగతా రెండింటికీ చోటు లేకపోలేదు. నెలాఖరున ఆడిటరుకు లెక్క ఇవ్వడానికి, ఆటో బాడుగలు పెరిగాయేమో చూసుకోవడానికి విడి పేజీలే కావాలి. వాటిని నిలువు వరుసలోని ఒక్కో భాగం నొక్కితే తెరుచుకునేలా లోపల పెడితే సరిపోతుంది. నాలుగు పెట్టెల అమరిక కంప్యూటర్ ఉన్న హోల్‌సేల్ కొట్టుకు, అందులోనూ యజమాని ఇంటి దగ్గర కూర్చుని రెండు కొట్లు చూసుకునేచోట బాగుంటుంది. అక్కడ కూడా లాభం పెట్టె తీసేసి, ఆ స్థానంలో ఒక్కో గల్లాకు రాత్రి తేలిన తేడాను విడివిడిగా చూపిస్తాను.