ఎండాకాలం ఏటి దారుల్లో శాండల్సా, బూట్లా: మూడు సీజన్లు వాడాక నా మాట

మూడు ఎండాకాలాలుగా ఏటి పక్క దారుల్లో ఒకే జత ట్రెకింగ్ శాండల్స్ వాడుతున్నా. ముందు రబ్బరు కప్పు ఉండి వేళ్లు కప్పేసే రకం, మడమ వెనక పట్టీ, మొత్తం మూడు చోట్ల వెల్క్రో. దాంతోపాటు మడమ పైదాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు కూడా ఉన్నాయి, కాబట్టి రెండూ వాడి చూసే చెప్తున్నా.

మొదటి ఏడాది ఒక దారికి బూట్లేసుకెళ్లా. పన్నెండు కిలోమీటర్లు, ఏరు తొమ్మిది సార్లు దాటాలి, నీళ్లు మోకాలి కిందదాకా. మొదటి రెండు సార్లూ బూట్లు విప్పి, దాటి, కాళ్లు తుడుచుకుని మళ్లీ వేసుకున్నా, ప్రతిసారీ పది నిమిషాలు పోయింది. మూడోసారి విసుగొచ్చి అలాగే దిగిపోయా. వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లు లోపలికి రావని కదా అనుకుంటాం, పైనుంచి వచ్చిన నీళ్లని అదే పొర బయటికి కూడా పోనివ్వదు, ఇంక సాయంత్రందాకా రెండు బకెట్లు కాళ్లకి కట్టుకుని నడిచినట్టే. ఎండకి ఆ నీళ్లు లోపలే వేడెక్కి అరికాలు తెల్లగా ముడతలు పడి మెత్తబడింది, అలా నానిన చర్మం రాపిడికి ఇట్టే లేచిపోతుంది. దిగేసరికి రెండు మడమల మీదా బొబ్బలు. బూట్లు ఆరడానికి రెండు రోజులు పట్టింది.

తర్వాతి ఏడాది అదే దారికి శాండల్స్ వేసుకెళ్లా, సంచి బరువు ఆరు కిలోల్లోపే. ఎక్కడా ఆగకుండా నీళ్లలోకి దిగడం, ఎక్కడం, అంతే. హాయిగా ఉంది కానీ నాలుగోసారి దాటాక కుడికాలి చిటికెన వేలి పక్కన మంట మొదలైంది. చూస్తే పట్టీ కింద సన్నటి ఇసుక, గరుకు కాగితంలా రుద్దేస్తోంది. శాండల్స్‌తో బొబ్బలు ఎక్కువగా ఇలాగే వస్తాయి, మంట తెలిసిన వెంటనే ఆగి పట్టీలు విప్పి నీళ్లలో కాలూ పట్టీ రెండూ కడిగేస్తే పోతుంది, ఇంకో కిలోమీటరు ఓర్చుకుందాంలే అనుకుంటే మాత్రం చర్మం లేచిపోతుంది. ఇంకోటి, నైలాన్ పట్టీ తడిస్తే కొంచెం సాగుతుంది, అందుకే మొదటిసారి దాటగానే ఒకసారి బిగించుకోవాలి, లేకపోతే కాలు లోపల జారుతూ ఉంటుంది.

మరి శాండల్స్ ఎక్కడ చాలవు అంటే, నన్నడిగితే నీళ్లలో కాదు, రెండు దాట్ల మధ్య ఉండే నేల మీద. ఆ దారిలోనే ఎనిమిదో కిలోమీటరు దగ్గర గట్టు మీంచి నిటారుగా ఒక దిగుడు ఉంది, అంతా వదులు గులకరాళ్లే. అక్కడ పాదం ముందుకు తోసుకొచ్చి వేళ్లు కప్పుకి గుద్దుకున్నాయి, ప్రతి నాలుగడుగులకీ ఒక రాయి అరికాలి కింద దూరింది. కాలు విదిలించి రాయి తీయడానికి ఆ అర కిలోమీటరులో ఎన్నిసార్లు ఆగానో లెక్కే లేదు. దారంతా అలాగే ఉంటే నేను బూట్లే వేసుకుంటా, కానీ వాటర్‌ప్రూఫ్‌వి కాదు, నీళ్లు కారిపోయే జాలీ గుడ్డ బూట్లు. ముళ్ల పొదలున్నా అంతే, పక్కనుంచి వచ్చే ముల్లుకి పట్టీలు అడ్డం రావు. సంచి పది పన్నెండు కిలోలు దాటితే కూడా శాండల్ అడుగు మెత్తగా వంగిపోయి సాయంత్రానికి అరికాలు పోటెత్తుతుంది, నా కాళ్లకైతే అంతే.

దారి మట్టీ ఇసుకా గుండ్రాళ్లూ అయ్యి, సంచి తేలికగా ఉండి, ఏరు నాలుగైదు సార్లకి మించి దాటాల్సి ఉంటే శాండల్స్ చాలు, బూట్ల గురించి ఆలోచించను కూడా. ఒకటి రెండు సార్లే దాటాలంటే బూట్లు విప్పి దాటడమే నయం.

పాచి పట్టిన రాయి మీద మాత్రం రెండూ ఒకటే, ఎంత మంచి రబ్బరైనా జారుతుంది. అలాంటి చోట రాయి మీద కాకుండా రాళ్ల మధ్య అడుగు వేస్తా, చేతిలో కర్ర ఉంటే మేలు. ఒడ్డున ఎండలో ఉన్న బండల మీద చెప్పుల్లేకుండా నడుద్దామని మాత్రం చూడకండి, ఒకసారి చూశా, చాలు.

ఎవరూ చెప్పని బాధ ఒకటుంది. తడవడం ఆరడం, తడవడం ఆరడం వల్ల మడమలు పగుళ్లిస్తాయి, లోతైతే అడుగేస్తే నొప్పే. రాత్రి వాజలిన్ రాసి సాక్సులు వేసుకుని పడుకుంటే తగ్గింది. పాదం మీద పట్టీల గుర్తులతో ఎండకి కాలింది కూడా, ఇప్పుడు అక్కడా సన్‌స్క్రీన్ రాస్తున్నా, నీళ్లలో దిగినప్పుడల్లా పోతుంది కాబట్టి మళ్లీ రాయాలి.

ఈ జత పరిస్థితి ఏంటంటే, మడమ బయటి వైపు గాట్లు అరిగి నున్నగా అయిపోయాయి. వెల్క్రోలో ఇసుకా పీచూ ఇరుక్కుని పట్టు తగ్గింది, పాత టూత్‌బ్రష్‌తో గీకితే కొన్నాళ్లు పనిచేస్తుంది. ఒకసారి తడి శాండల్స్‌ని ఎండలో ఆగిన కారులో వదిలేశా, అప్పటినుంచీ ముందు భాగంలో అడుగు జిగురు వదిలి నోరు తెరిచింది, అది నా తప్పే, నీడలో ఆరబెట్టాల్సింది. ఈసారి కొనేది వెల్క్రో కాకుండా బకిల్‌ది.