ఏటవాలు ఫోటోను సరిచేసి కొలతలు తీయడం: నాలుగేళ్ల వాడకం తర్వాత

కిటికీ గ్రిల్లులకు డ్రాయింగులు గీయడం నా పని. పాత ఇంట్లో ఒక గ్రిల్లు తుప్పు పట్టి పోతే, పక్క కిటికీకి ఉన్న దానిలాగే కొత్తది చేయమని అడుగుతారు. ఆ డిజైను ఫోటో ఫోనులో వస్తుంది. పై అంతస్తు కిటికీని మెట్ల మీద నుంచో, సందులో ఒక పక్కకు నిలబడో తీస్తారు కాబట్టి ఎదురుగా తీసిన ఫోటో దాదాపు రాదు. దగ్గరి అంచు పెద్దగా, దూరపు అంచు చిన్నగా ఉంటుంది. అలాంటి ఫోటో మీద నేరుగా కొలిస్తే ఒకే సైజు సున్నాలు ఎడమవైపు ఒక కొలత, కుడివైపు మరో కొలత చూపిస్తాయి.

మొదట్లో గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులోని పర్‌స్పెక్టివ్ టూలు వాడాను. దాని ఆప్షన్లలో `Corrective (Backward)` ఎంచుకుని, గడుల వల నాలుగు మూలలను ఫ్రేము మూలలకు అతికిస్తే బొమ్మ నిటారుగా వస్తుంది. ఉచితం, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. అయితే నిటారుగా కనిపించడం వేరు, పొడవు వెడల్పుల నిష్పత్తి నిజం కావడం వేరు. ఆ నిష్పత్తి మనమే చెప్పాలి. ఫ్రేము వరకు కత్తిరించి, `Scale Image`లో గొలుసు గుర్తు విడదీసి, అసలు కొలతలు ఇవ్వాలి. ఒకటి రెండు సార్లు ఈ మెట్టు మరిచిపోయి, గుండ్రటి పువ్వును కోడిగుడ్డు ఆకారంలో గీశాను. కాగితాలు స్కాన్ చేసే ఫోను యాప్‌లను కొలతలకు నేను నమ్మకపోవడానికి కారణం కూడా ఇదే: నిష్పత్తిని అవి సొంతంగా ఊహించుకుంటాయి.

అందుకే పైథాన్ ప్రోగ్రాముల్లో వాడే ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీకి మారాను. నాలుగేళ్లుగా వాడుతున్నది ఈ ఏడు వరుసలే:

```python
import cv2, numpy as np
img = cv2.imread("kitiki.jpg")
src = np.float32([[812,640],[1934,702],[1890,2210],[845,2390]])
dst = np.float32([[0,0],[1200,0],[1200,1500],[0,1500]])
H = cv2.getPerspectiveTransform(src, dst)
out = cv2.warpPerspective(img, H, (1200,1500))
cv2.imwrite("nitaru.png", out)
```

`src` అంటే ఫోటోలో నాలుగు మూలలు ఉన్న చోట్లు, `dst` అంటే అవి నిజంగా ఉండాల్సిన చోట్లు, మిల్లీమీటర్లలో. 1200 × 1500 ఫ్రేముకు అదే అంకె ఇస్తే వచ్చే బొమ్మలో ఒక పిక్సెల్ ఒక మిల్లీమీటరు అవుతుంది. తర్వాత కొలవడానికి గింప్‌లోని మెజర్ టూలు చాలు. రెండు జాబితాల్లోనూ మూలల వరుస ఒకటే ఉండాలి: పై ఎడమ, పై కుడి, కింది కుడి, కింది ఎడమ. వరుస తప్పితే బొమ్మ మెలి తిరుగుతుంది, అది వెంటనే కనబడుతుంది కాబట్టి భయం లేదు. మూల దగ్గర చెక్క అరిగిపోయినా, రంగు పేరుకుపోయినా అక్కడ గురి పెట్టను. రెండు అంచుల వెంట గీతలు గీసి, అవి కలిసే బిందువును తీసుకుంటాను.

ఇంటివారిని నాలుగు పక్కల కొలతలతో పాటు మూల నుంచి ఎదుటి మూలకు రెండు క్రాస్ కొలతలు కూడా అడుగుతాను. 1200 × 1500 ఫ్రేము మూలమట్టానికి ఉంటే క్రాస్ రెండు వైపులా 1921 మి.మీ. రావాలి. రెండూ కలవకపోతే ఫ్రేమే వంకర. అప్పుడు దాన్ని దీర్ఘచతురస్రమని `dst`లో రాస్తే, ఆ వంకరంతా లోపలి డిజైనులోకి దిగుతుంది. కొలతలను బట్టి నాలుగో మూల నిజంగా ఎక్కడుందో లెక్కగట్టి, ఆ అంకె ఇస్తాను.

ఇంత జాగ్రత్తగా చేసినా నన్ను గట్టిగా దెబ్బతీసిన పని ఒకటుంది. ఒక పాత ఇంటి గ్రిల్లులో వరుసగా మూడు సున్నాలున్నాయి. ఫ్రేము ముందు మూలలను ఆధారంగా తీసుకుని ఫోటో సరిచేస్తే ఒక్కో సున్నా 293 మి.మీ. వచ్చింది. అలాగే గీసి ఇచ్చాను, వెల్డింగ్ అయిపోయింది. బిగించడానికి తీసుకెళ్తే మూడు సున్నాల తర్వాత 21 మి.మీ. సందు మిగిలింది. పాత సున్నా టేపుతో కొలిస్తే 300.

తప్పు మూలల గురిలో లేదు. గ్రిల్లు ఫ్రేము ముందు భాగంతో సమానంగా లేదు, 60 మి.మీ. లోపలికి ఉంది. ఈ సవరణ ఒక్క సమతలానికే చెల్లుతుంది. ఆ సమతలానికి వెనుక ఉన్నది చిన్నగా, ముందు ఉన్నది పెద్దగా కనబడుతుంది. ఎంత అన్నది తేలిక లెక్క: కెమెరా నుంచి ఫ్రేము ముందు తలానికి లంబంగా దూరం 2500 మి.మీ., గ్రిల్లు 60 మి.మీ. వెనక. 2500ను 2560తో భాగిస్తే 0.977, దాన్ని 300తో గుణిస్తే 293. కెమెరా ఎంత పక్కనుంచి చూసిందన్నది సైజును మార్చదు, గ్రిల్లు మొత్తాన్ని పక్కకు జరిపి చూపిస్తుంది. అందుకే ఒకవైపు ఫ్రేము పట్టీ గ్రిల్లు అంచును కప్పేస్తుంది, రెండోవైపు సందు ఎక్కువగా కనబడుతుంది. సరిచేసిన ఫోటోలో ఈ తేడా కనిపించిందంటే, మీరు కొలవబోయేది ఆధారంతో ఒకే తలంలో లేదని అర్థం.

అప్పటినుంచి ఆధారంగా గ్రిల్లు సొంత మూలలనే, అంటే చుట్టు పట్టీల అతుకులనే తీసుకుంటున్నాను. వాటి మధ్య కొలతలు టేపుతో తీసి పంపమంటాను. ఇంకొక కొలత కూడా అడుగుతాను, మధ్య పట్టీ కింది పట్టీకి ఎంత ఎత్తులో ఉందని. దాన్ని సవరణలో వాడను. బొమ్మ నిటారుగా వచ్చాక ఆ ఎత్తు కొలిచి పోలుస్తాను. మూడు మిల్లీమీటర్ల లోపు కలిస్తే పని మొదలు పెడతాను.

టేపు లేదు, ఏ4 కాగితం అంటించి ఫోటో తీస్తామనేవారు ఉంటారు. కాగితం 297 మి.మీ. పొడవు. దాని మూల గుర్తించడంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే, 1500 మి.మీ. గ్రిల్లు అంతటా అది కనీసం ఐదు రెట్లవుతుంది. కాగితానికి అవతల, కెమెరాకు దూరమైన వైపున ఇంకా ఎక్కువ. ఆధారం కొలవాల్సిన దాన్ని చుట్టుముట్టి ఉండాలి, దాని లోపల ఒక మూలన ఉండకూడదు.

సవరణ అయ్యాక కూడా నిలువు చువ్వలు విల్లులా వంగి కనిపిస్తే, అది ఏటవాలు వల్ల వచ్చింది కాదు. ఈ సవరణ సరళరేఖను సరళరేఖగానే ఉంచుతుంది కాబట్టి ఆ వంపు లెన్సుదే. ఎక్కువ భాగం `0.5x` కెమెరాతో తీసిన ఫోటోలే ఇలా వస్తాయి. `cv2.undistort`తో పోగొట్టవచ్చు గానీ, అందుకు ఆ ఫోను కెమెరాను ముందు చదరంగం గళ్ల బొమ్మతో కాలిబ్రేట్ చేయాలి. వినియోగదారుడి ఫోనుతో అది కుదిరే పని కాదు. రెండడుగులు వెనక్కి జరిగి మామూలు కెమెరాతో మళ్లీ తీయమంటాను. మెసేజీలో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనీ చెప్తాను, లేకపోతే సగానికి పైగా పిక్సెళ్లు దారిలోనే పోతాయి.

దూరపు అంచు విషయంలో బొమ్మ మోసం చేస్తుంది. సరిచేశాక అంతా ఒకే సైజులో కనబడుతుంది గానీ, ఆ వైపు మసకగా సాగదీసినదే ఉంటుంది. అసలు ఫోటోలో 12 మి.మీ. చువ్వ అక్కడ ఐదు పిక్సెళ్లే ఉంటే, ఒక్క పిక్సెల్ తేడా రెండు మిల్లీమీటర్లకు పైనే. 60 డిగ్రీలు పక్కకు తిరిగితే వెడల్పు దాదాపు సగానికి కుంచించుకుపోతుంది. అలాంటి ఫోటో వస్తే డిజైను వరుస తెలుసుకోవడానికి ఉంచుకుంటాను, కొలతలకు మాత్రం వేరేది అడుగుతాను.

ఇనుము కోసే బయటి సైజు ఇప్పటికీ టేపు కొలతే. సున్నాలు, పువ్వులు, చువ్వల మధ్య దూరాలు ఫోటో నుంచి తీస్తాను. సున్నాల వరుస మొత్తాన్ని కలిపి చూసి, టేపు వెడల్పుతో సరిపోయాకే డ్రాయింగు షాపుకు వెళ్తుంది.